పడుకోగానే కాళ్లు లాగుతున్నాయా? డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు రెండు వారాల్లో ఏం చేయాలి

రాత్రి తొమ్మిది దాటాక మా మందుల షాపుకి వచ్చేవాళ్లలో ఈ మాట తరచుగా వింటుంటాను: "పడుకోగానే కాళ్లు లాగేస్తున్నాయి, ఏదన్నా బిళ్ల ఇవ్వండి." కొందరు పీకుతున్నాయంటారు, కొందరు గుంజుతున్నాయంటారు, పిక్కల లోపల చీమలు పాకినట్టుందని ఇంకొందరు. కాల్షియం బిళ్లలో నొప్పుల బిళ్లలో పట్టుకెళ్లి, పది రోజులకు మళ్లీ వస్తారు.

దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. కౌంటర్ మీద అడిగి కొనుక్కుంటే తగ్గే బిళ్ల దీనికి లేదు. కానీ ఇంట్లో చేసుకోగల పని చాలానే ఉంది, రెండు వారాలు పడుతుంది. ఆ పని పూర్తిచేసి డాక్టర్‌ని కలిస్తే, మొదటి అపాయింట్‌మెంట్‌లోనే అసలు విషయం తేలే అవకాశం ఎక్కువ. కింద చెప్పిన వరస మార్చకండి. ముందే ఐరన్ బిళ్ల మింగి తర్వాత పరీక్షకు వెళ్తే ఫలితం అర్థం కాకుండా పోతుంది.

1. ముందు ఇది అదేనా కాదా చూసుకోండి

నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

☐ కాళ్లు కదపాలని ఆపుకోలేని కోరిక పుడుతోందా? (నొప్పి ఉండాలని లేదు.)
☐ కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు మొదలవుతోందా?
☐ లేచి నడిచినా, కాళ్లు ఆడించినా, అలా చేస్తున్నంతసేపైనా హాయిగా ఉంటోందా?
☐ పగటి కంటే సాయంత్రం, రాత్రి ఎక్కువగా ఉంటోందా?

నాలుగింటికీ "అవును" అయితే ఇదే కావచ్చు. ఒక్కదానికి "కాదు" అని వచ్చినా వేరే కారణం వెతకాలి. ఎక్కువగా పొరపడేది ఈ మూడింటి దగ్గర.

పిక్క పట్టేయడం వేరు. అప్పుడు కండ రాయిలా గట్టిపడుతుంది, ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది, చేత్తో తాకితే ముడి తెలుస్తుంది. రెస్ట్‌లెస్ లెగ్స్‌లో కండ మెత్తగానే ఉంటుంది.

షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే అరికాళ్లు మండుతాయి, తిమ్మిరెక్కుతాయి. అది కూడా రాత్రి ఎక్కువవుతుంది కాబట్టి తికమకపెడుతుంది. కానీ లేచి నడిచినంత మాత్రాన ఆ మంట పోదు. షుగర్ ఉన్నవాళ్లకు రెండూ కలిసి ఉండొచ్చు కూడా.

రక్తనాళాలు ఇరుకైతే నడుస్తుంటే పిక్క నొప్పి వస్తుంది, ఆగితే తగ్గుతుంది. మన సమస్యకు ఇది పూర్తిగా తిరగబడిన లక్షణం.

ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉంటే ఈ వ్యాసం ఇక్కడే ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అలాంటి కాలిని మర్దన చేయకూడదు.

2. పద్నాలుగు రాత్రుల డైరీ రాయండి

పాత నోటు పుస్తకం చాలు. రోజుకు ఒక్క వరస. ఆఖరి కాఫీ లేదా టీ ఎన్నింటికి తాగారు, ఆ రోజు ఏ బిళ్లలు వేసుకున్నారు, కాళ్ల బాధ ఎన్నింటికి మొదలైంది, ఎన్నిసార్లు లేచారు, బాధకు పదికి ఎన్ని మార్కులు. ఉదాహరణకు ఇలా:

"మంగళవారం. కాఫీ సాయంత్రం 6:30. జలుబు బిళ్ల రాత్రి 9కి. బాధ 10:45కి మొదలు. మూడుసార్లు లేచాను. 8/10."

మొదటి నాలుగు రోజులు ఏమీ మార్చకుండా రాయండి. రాయడం మొదలుపెట్టిన రోజే కాఫీ మానేసి, నడక మొదలెట్టి, నూనె రాసుకుంటే దేనివల్ల తగ్గిందో మీకే తెలియదు. ఐదో రోజు నుంచి కింది మార్పులు ఒక్కొక్కటిగా చేయండి.

ఆడవాళ్లు నెలసరి తేదీలు, ఎన్ని రోజులు ఉంది, ఎక్కువగా అవుతోందా అన్నది కూడా రాసుకోవాలి. ఎందుకో ఐదో అంశంలో తెలుస్తుంది.

3. ఇంట్లో ఉన్న మందులన్నీ బల్ల మీద పెట్టండి

ఇది చాలామందికి తట్టని విషయం. నా దగ్గరకు వచ్చినవాళ్లను నేను ముందుగా అడిగేది కూడా ఇదే.

జలుబుకీ దురదకీ వాడే పాతకాలపు అలర్జీ మందులు, ముఖ్యంగా మత్తు కలిగించేవి, ఈ బాధను బాగా పెంచుతాయి. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో క్లోర్ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, ప్రోమెథజైన్ లాంటి పేర్లు కనిపిస్తాయేమో చూడండి. నిద్ర పట్టడం లేదని జలుబు బిళ్ల వేసుకునేవాళ్లున్నారు. కళ్లు మూతలు పడతాయి, కాళ్లు మాత్రం పడుకోనివ్వవు. అంతకంటే నరకం లేదు.

వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకు ఇచ్చే ప్రోక్లోర్పెరజైన్ కూడా ఇదే పని చేస్తాయి. రాత్రి బస్సు ఎక్కేముందు వాంతులు రాకుండా వేసుకునే బిళ్లల్లో కొన్ని ఈ జాతివే. కదలడానికి చోటు లేని సీటు, దానికి తోడు ఈ బిళ్ల. తెల్లారేదాకా ఏమవుతుందో ఊహించుకోండి.

డిప్రెషన్‌కూ, మానసిక సమస్యలకూ వాడే మందుల్లో కొన్నింటి వల్ల కూడా కాళ్ల బాధ పెరుగుతుంది. వీటిని మాత్రం మీ అంతట మీరు ఆపకూడదు. హఠాత్తుగా ఆపితే వచ్చే ఇబ్బంది కాళ్ల బాధ కంటే పెద్దది. ఆ మందు మొదలుపెట్టిన తేదీ, కాళ్ల బాధ మొదలైన తేదీ పక్కపక్కన రాసి, రాసిచ్చిన డాక్టర్‌కి చూపించండి. వేరే మందుకు మార్చాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం.

జలుబు, అలర్జీ బిళ్లలు అవసరమైతే మత్తు లేనిది ఉందా అని షాపులో అడగండి.

4. కాఫీ, టీల సమయం వెనక్కి జరపండి

కెఫీన్ వల్ల ఈ బాధ అందరికీ ఒకేలా పెరగదు. కొందరికి చాలా తేడా కనిపిస్తుంది, కొందరికి ఏమీ ఉండదు. అందుకే మీ ఒంటి మీద మీరే పరీక్షించుకోవాలి.

ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి తగ్గడానికి చాలామందిలో ఐదు గంటల దాకా పడుతుంది. సాయంత్రం 6కి తాగిన ఫిల్టర్ కాఫీలో సగం రాత్రి 11కి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. కాబట్టి ఆఖరి కప్పు మధ్యాహ్నం 12 లోపు ముగించి, కనీసం పది రోజులు చూడండి. ఇందులో టీ, కూల్‌డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు, ముదురు చాక్లెట్ కూడా లెక్కే. కొన్ని తలనొప్పి బిళ్లల్లోనూ కెఫీన్ కలుపుతారు.

రోజుకు నాలుగైదు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపొద్దు. మర్నాడే తల పగిలిపోతుంది, ఆ తలనొప్పికి కెఫీన్ ఉన్న బిళ్లే వేసుకుంటారు. ముందు సాయంత్రం కప్పు తీసేయండి, రెండు రోజులాగి మూడు గంటల కప్పు. సాయంత్రం వేడిగా ఏదో ఒకటి గొంతు దిగితే తప్ప కుదరదనుకుంటే పల్చటి మజ్జిగ చారో, అల్లం వేసిన వేడినీళ్లో, పాలో తాగొచ్చు.

టీ విషయంలో ఇంకో మెలిక ఉంది. టీలోని కొన్ని పదార్థాలు అన్నంలోని ఐరన్‌ను పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. కాఫీదీ కొంత ఇదే కథ. టిఫిన్ తిన్న చేత్తోనే టీ గ్లాసు అందుకునే అలవాటు మనది. తిండికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం పెట్టండి.

మద్యం తాగితే త్వరగా నిద్ర పట్టినట్టుంటుంది, రెండో జాములో కాళ్లు లేపుతాయి. సిగరెట్ సంగతి కూడా డైరీలో రాసి చూసుకోండి.

5. ఫెరిటిన్ పరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్ ఒక్కటి చాలదు

మొత్తం వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

కాళ్ల కదలికలను అదుపులో ఉంచే డోపమైన్ అనే రసాయనాన్ని మెదడు తయారు చేసుకోవాలంటే ఐరన్ కావాలి. అది మెదడుకు సరిగా అందకపోతే ఈ బాధ మొదలవుతుంది. పైగా రాత్రిపూట రక్తంలో ఐరన్ సహజంగానే తగ్గుతుంది.

"నాకు రక్తం బాగానే ఉందండీ, హిమోగ్లోబిన్ పన్నెండు" అంటారు. హిమోగ్లోబిన్ వంటింటి డబ్బాలోని బియ్యం లాంటిది, ఒంట్లోని ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ వెనక గదిలోని బస్తా. బస్తా అడుగంటే దాకా డబ్బా నిండుగానే కనిపిస్తుంది. అందుకే హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నా ఐరన్ నిల్వ ఖాళీ అయిపోయి ఉండొచ్చు.

రిపోర్టు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ల్యాబ్ వాళ్ల నార్మల్ లెక్క ఆడవాళ్లకు చాలాచోట్ల 10, 15 దగ్గరే మొదలవుతుంది. ఫెరిటిన్ 18 వస్తే పక్కన నక్షత్రం గుర్తు కూడా పడదు. కానీ రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నవాళ్ల విషయంలో వైద్యులు చూసే గీత వేరు. మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు, అంతకు తక్కువ ఉన్నా, లేదా రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 20 శాతం కంటే తక్కువ ఉన్నా, పెద్దవాళ్లకు ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తారు.

పరీక్షకు వెళ్లేముందు:

☐ ఉదయం పరగడుపున ఇవ్వండి.
☐ ఐరన్ బిళ్లలు వాడుతుంటే ముందురోజు ఆపండి.
☐ జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు వెళ్లకండి. అప్పుడు ఫెరిటిన్ ఉన్నదాని కంటే ఎక్కువగా కనిపిస్తుంది.
☐ ఫెరిటిన్‌తో పాటు సీరమ్ ఐరన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్, రక్త కణాల లెక్క కూడా అడగండి. షుగర్, క్రియాటినిన్ ఏడాదిగా చూపించకపోతే అవీ చేయించండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ కాళ్ల బాధ రావడం మామూలే.

ఐరన్ ఎందుకు తగ్గిందో తెలియకుండా నింపుకుంటూ పోవడం కన్నపు కుండలో నీళ్లు పోయడమే. నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్లలో కారణం తేలిగ్గానే దొరుకుతుంది. మగవాళ్లలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఫెరిటిన్ తక్కువ వచ్చిందంటే మొలలు, కడుపులో పుండు, పేగుల్లో రక్తస్రావం లాంటివి ఉన్నాయేమో డాక్టర్ చూడాల్సిందే.

6. ఐరన్ బిళ్ల: డాక్టర్ రాశాక వేసుకునే పద్ధతి

పరీక్ష లేకుండా ఐరన్ మొదలుపెట్టకండి. థలసీమియా ఉన్నవాళ్లకూ, ఒంట్లో ఐరన్ పేరుకుపోయే జబ్బు ఉన్నవాళ్లకూ అది హాని చేస్తుంది. డాక్టర్ రాశాక మాత్రం ఎలా వేసుకుంటున్నామన్న దాని మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది.

డబ్బా మీద "ఎలిమెంటల్ ఐరన్" ఎంతో చూడండి. అసలు ఐరన్ అంతే. సాధారణంగా 60 నుంచి 100 మిల్లీగ్రాములది రోజుకు ఒకటి, లేదా రోజు విడిచి రోజు ఇస్తారు. రోజు విడిచి రోజు అంటే తక్కువ అనుకోకండి. ఒక మోతాదు వేసుకున్నాక పేగులు ఐరన్ పీల్చుకోవడం దాదాపు ఒక రోజు పాటు తగ్గిస్తాయి, మధ్యలో ఒకరోజు వదిలితే ఆ తర్వాతి బిళ్ల బాగా ఒంటబడుతుంది.

పరగడుపున, నిమ్మరసం పిండిన నీళ్లతో వేసుకోవడం మేలు. కడుపులో తిప్పితే కొంచెం తిన్నాక వేసుకోండి. ఈ కింది ఎడం తప్పకూడదు:

☐ టీ, కాఫీ, పాలు: రెండు గంటలు.
☐ కాల్షియం బిళ్ల, గ్యాస్‌కు వేసుకునే యాంటాసిడ్: కనీసం రెండు గంటలు.
☐ థైరాయిడ్ బిళ్ల: నాలుగు గంటలు.

ఆఖరిది చాలామంది ఇళ్లలో తప్పుతోంది. పొద్దున్నే థైరాయిడ్ బిళ్ల, అరగంటకు ఐరన్ బిళ్ల. థైరాయిడ్ మందు సరిగా ఒంటబట్టక, దాని రిపోర్టు కూడా దారి తప్పుతుంది.

మలం నల్లగా వస్తుంది, భయపడకండి. మలబద్ధకం అయితే డాక్టర్‌తో చెప్పి రకం మార్పించుకోండి. రెండు వారాల్లో తగ్గలేదని ఆపేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. నిల్వ నిండటానికి నెలలు పడుతుంది, మూడు నెలలకు మళ్లీ ఫెరిటిన్ చూపించుకోవాలి. బిళ్లలు పిల్లలకు అందని చోట పెట్టండి. ఎర్రటి బిళ్లలు చాక్లెట్లనుకుని ఎక్కువ మింగితే చిన్నపిల్లల ప్రాణానికే ప్రమాదం.

బెల్లం, ఖర్జూరం తింటే చాలదా అంటారు. తినండి, కాదనను. ఆకుకూరపప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ ఇంకాస్త ఎక్కువ అందుతుంది. కానీ ఫెరిటిన్ 15కి పడిపోయాక తిండితోనే 75కి తీసుకురావడం చాలా కష్టం.

7. సాయంత్రం నుంచి పడక దాకా

నడక సాయంత్రం ఏడు లోపు ముగించండి, అరగంట చాలు. రాత్రి తొమ్మిదికి జిమ్‌లో బరువులెత్తితే కొందరికి ఆ రాత్రి మరింత ఎక్కువవుతుంది. అస్సలు నడవని రోజు కూడా అంతే.

పడుకునే ముందు పిక్కలు సాగదీయండి. గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించే ఉంచి, ముందు మోకాలు వంచండి. వెనక పిక్కలో లాగినట్టు తెలుస్తుంది. 30 సెకన్లు ఆగి కాలు మార్చండి. ఒక్కో కాలికి మూడుసార్లు. చాలామంది మడమ లేపేస్తారు, అలా చేస్తే ఉపయోగం లేదు.

తర్వాత పిక్కలు మునిగేలా గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు. కొందరికి చన్నీళ్లే హాయి, రెండూ ప్రయత్నించి చూడండి. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో వేడి తెలియకపోవచ్చు, నీళ్లు ఇంట్లో ఇంకొకరి చేత ముట్టించి చూసుకోవాలి.

కాళ్లకు గుడ్డ బిగించి కట్టుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఒత్తిడి వల్ల కొంత హాయి నిజమే, కానీ అలా బిగించే నిద్రపోతే రక్తం ఆడదు. దానికి బదులు పిక్కల మీద బరువైన దుప్పటి మడిచి వేసుకోండి.

8. అర్ధరాత్రి మొదలైతే

పళ్లు బిగబట్టి పడుకోవద్దు. పడుకుని ఓర్చుకునే కొద్దీ పెరిగేదే ఈ బాధ. లేవండి, ఇంట్లోనే ఐదు నిమిషాలు నడవండి, గోడ దగ్గర పిక్కలు సాగదీయండి, గట్టిగా రుద్దండి, తిరిగి వచ్చి పడుకోండి.

అప్పటికీ నిద్ర రాకపోతే మనసు పూర్తిగా పెట్టాల్సిన పని ఏదైనా కూర్చుని చేయండి. పదకేళి, సుడోకు, పూలు కట్టడం, అల్లిక. బుర్ర పనిలో పడితే కాళ్లు కొంత ఊరుకుంటాయి. టీవీ ముందు ఊరికే కూర్చుంటే అలా ఊరుకోవు.

ప్రయాణంలో నడవా పక్క సీటు తీసుకోండి.

9. ఒకావిడ డైరీ

42 ఏళ్ల టీచర్, మా షాపుకి కాల్షియం బిళ్లల కోసం వచ్చింది. డైరీ రాయమన్నాను. మొదట నవ్వింది, రెండు వారాల తర్వాత నోటు పుస్తకంతో వచ్చింది.

తీసేయాల్సినవి చెప్పేదాకా ఏమీ మార్చకుండా పద్నాలుగు రాత్రులూ రాసింది. పదకొండు రాత్రులు బాధ ఉంది. రోజూ సాయంత్రం 6:30కి కాఫీ. ఐదు రాత్రులు జలుబు బిళ్ల వేసుకుంది, బాధ పదికి 8 మార్కులు దాటిన రాత్రులన్నీ ఆ ఐదే. నెలసరి ఏడు రోజులు, ఎక్కువగానే. జలుబు బిళ్ల, సాయంత్రం కాఫీ తీసేశాక తర్వాతి రెండు వారాల్లో బాధ రాత్రులు ఏడుకు తగ్గాయి. ఏడు మిగిలాయంటే వేరే కారణం కూడా ఉన్నట్టే.

హిమోగ్లోబిన్ 12.1, ఫెరిటిన్ 14. రిపోర్టులో ఎర్ర గీత ఎక్కడా లేదు. డాక్టర్ ఐరన్ రాశారు, నెలసరి సంగతి చూడమని గైనకాలజిస్టు దగ్గరికి పంపారు. మొదటి నెల పెద్దగా మార్పు లేదు, ఎందుకంటే బిళ్ల వేసుకున్న పావుగంటకు టీ తాగుతోంది. ఆ టీని తొమ్మిదిన్నరకు జరిపింది. మూడు నెలలకు ఫెరిటిన్ 46, పద్నాలుగింటిలో బాధ రాత్రులు మూడుకు తగ్గాయి. ఇంకా 75 చేరలేదు కాబట్టి బిళ్ల కొనసాగుతోంది.

10. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు, ఏం పట్టుకెళ్లాలి

రెండు వారాలు ఆగకుండా ముందే వెళ్లాల్సినవాళ్లు: గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు, కాళ్లలో బలం తగ్గుతున్నవాళ్లు లేదా స్పర్శ తెలియనివాళ్లు, ఐరన్ మొదలుపెట్టకముందే మలం నల్లగా వస్తున్నవాళ్లు, నిద్రలేక బండి నడుపుతూ తూలుతున్నవాళ్లు. గర్భిణులకు ఆఖరి నెలల్లో ఇది తరచుగా వస్తుంది, చాలామందికి కాన్పు తర్వాత తగ్గుతుంది. అంతవరకు ఏ మందైనా డాక్టర్ చెప్పిందే వాడాలి.

మిగతావాళ్లు వారానికి రెండు మూడు రాత్రులకు మించి నిద్ర చెడుతుంటే ఇవి పట్టుకుని వెళ్లండి:

☐ పద్నాలుగు రాత్రుల డైరీ
☐ ఫెరిటిన్, ఇతర రిపోర్టులు
☐ వాడుతున్న మందుల ఖాళీ స్ట్రిప్పులు, ఆయుర్వేదం, హోమియోతో సహా
☐ ఇంట్లో అమ్మకో నాన్నకో ఇలాంటి బాధ ఉందా అన్న సమాచారం. కొన్ని కుటుంబాల్లో ఇది వంశంగా వస్తుంది.

పక్కింటివాళ్లకు పనిచేసిందని, డోపమైన్‌లా పనిచేసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ బిళ్లలు అడిగేవాళ్లకు నేను చీటీ లేకుండా ఇవ్వను. మొదటి వారం అద్భుతంగా పనిచేస్తాయి. నెలలు, ఏళ్లు గడిచే కొద్దీ కొందరిలో బాధ రాత్రి పదికి బదులు సాయంత్రం ఐదుకే మొదలై, చేతులకూ పాకుతుంది. కొందరికి జూదం మీద, విపరీతంగా కొనడం మీద అదుపు తప్పుతుంది. అందుకే ఇప్పుడు వైద్యులు వీటిని మొదటి మందుగా రాయడం తగ్గించారు. ఇప్పటికే వాడుతూ ఉండి బాధ త్వరగా మొదలవుతోందనిపిస్తే, మోతాదు పెంచుకోకండి, హఠాత్తుగా ఆపేయకండి. ఎన్నింటికి మొదలవుతోందో డైరీలో రాసి అదే డాక్టర్‌కి చూపించండి.